కోనేటి నీళ్లలో గోపురం నీడ: ఈ ఫొటో తీసిందా, తయారుచేసిందా?

గట్టుమీద_గోపి
మా ఊరి గ్రూపులో ఒక ఫొటో తిరుగుతోంది. తెప్పోత్సవం ముందురోజు తీసిందట. ఎదుటి గట్టు అంచునే గోపురం, దాని పక్కన దూరంగా కొండ, ఇవతల నీళ్లలో ఒక దీపస్తంభం. నీళ్లు అద్దంలా ఉన్నాయి, అన్నిటి నీడలూ తలకిందులుగా పడ్డాయి. సగం మంది అద్భుతం అంటున్నారు, సగం మంది కంప్యూటర్ గీసిన బొమ్మ అంటున్నారు. ఫైల్ 4000×3000 సైజులో డాక్యుమెంటుగా పంపించుకున్నాను, ఇక్కడ జతచేశాను. నీడలు చూసి తేల్చగలమా?

ఆల్బమ్_శీను
తేల్చడం సులభం బ్రదర్. పై సగం కాపీ చేసి తలకిందులు చెయ్యి, కింది సగం మీద పెట్టు. అసలు ఫొటో అయితే సరిగ్గా కూర్చుంటుంది. కూర్చోకపోతే ఫేక్. ఇప్పుడే మీ ఫైల్ మీద చేశాను, గోపురం, కొండ, స్తంభం పైభాగం అన్నీ గీత తేడా లేకుండా కలిశాయి. కాబట్టి ఒరిజినలే.

లంబరేఖ
శీను గారూ, మీరు చేసిన పని మంచిదే. దాన్నుంచి తీసిన నిర్ణయం మాత్రం తలకిందులైంది. అన్నీ ఒకేసారి కలిశాయంటేనే అనుమానించాలి.

నీళ్లలో కనిపించేది పైన ఉన్న బొమ్మకు కాపీ కాదు. మన కెమెరా నీటి మట్టానికి 2 మీటర్ల పైన ఉందనుకోండి. నీళ్లలో కనిపించే దృశ్యం, మట్టానికి 2 మీటర్ల కింద ఇంకో కెమెరా పెట్టి పైకి చూస్తూ తీసినట్టు ఉంటుంది. రెండు ఎత్తుల నుంచి చూసినప్పుడు దగ్గరి వస్తువులు ఎక్కువ జరుగుతాయి, దూరపువి తక్కువ జరుగుతాయి. అందుకే దూరపు కొండ నీడ దాదాపు తిప్పిన కాపీలాగే ఉంటుంది, దగ్గరి స్తంభం నీడ అలా ఉండదు.

కొలవడానికి ఎత్తులూ దూరాలూ తెలియక్కర్లేదు. ఫొటోను జింప్ అనే ఫొటో ఎడిటర్‌లో తెరిచి కర్సర్‌ను కొన మీద పెడితే కిందిపట్టీలో పైనుంచి లెక్కించే పిక్సెల్ వరస సంఖ్య కనిపిస్తుంది. వస్తువు కొన ఏ వరసలో ఉంది, దాని నీడ కొన ఏ వరసలో ఉంది, రెండూ రాసుకోండి. కెమెరా పైకీ కిందికీ వాలకుండా తీసిన ఫొటోలో ఆ రెండిటి సగటు, ఆ వస్తువు నీటి మట్టాన్ని తాకే వరస కావాలి.

```
(y_కొన + y_నీడ) / 2 = y_నీటిమట్టం
```

మీ ఫైల్‌లో నాకు వచ్చినవి ఇవి. గోపురం కొన 660, నీడ 2460, సగటు 1560. ఎదుటి గట్టు నీటిని తాకేది కూడా 1560 దగ్గరే, కాబట్టి గోపురం వరకు ఇబ్బంది లేదు. కొండ శిఖరం 1056, నీడ 2064, సగటు మళ్లీ 1560. స్తంభం కొన 900, నీడ 2220, సగటు మళ్లీ అదే 1560. కానీ స్తంభం నీళ్లలో దిగిన చోటు 1800. దాని నీడ 2700 దాకా రావాలి, 2220 దగ్గరే ఆగిపోయింది.

కొండ, గోపురం, స్తంభం మూడూ మూడు దూరాల్లో ఉన్నవి. మూడిటికీ ఒకే సగటు రావడం నీటికి సాధ్యం కాదు. 1560 దగ్గర బొమ్మను మడిచారు.

గట్టుమీద_గోపి
సర్, స్తంభం సంగతి అర్థమైంది. కొండ నీళ్లలో నిలబడలేదు కదా, దాని నీటిమట్టం ఎక్కడని చూడాలి? గట్టు వరసకే రావాలేమో కదా?

లంబరేఖ
మంచి ప్రశ్న. నీటి మట్టాన్ని గట్టు దాటించి కొండ కిందిదాకా లాగినట్టు ఊహించుకోండి. ఆ మట్టం దూరం పోయేకొద్దీ క్షితిజ రేఖకు దగ్గరవుతుంది. అందువల్ల కొండ సగటు గట్టు వరసకు *పైన*, క్షితిజానికి అంటుకున్నట్టు రావాలి.

అంకెల్లో చూపిస్తాను. ఫోన్ మామూలు కెమెరాలో 4000×3000 ఫొటోకి ఫోకల్ దూరం పిక్సెళ్లలో 3000 అటూ ఇటూగా ఉంటుంది. క్షితిజం ఫ్రేము నడిమధ్య, అంటే 1500 వరసలో ఉందనుకుందాం. కెమెరా మట్టానికి 2 మీటర్ల పైన. గోపురం 100 మీటర్ల దూరంలో ఉంటే దాని నీటిమట్టం 3000×2/100, అంటే క్షితిజానికి 60 పిక్సెళ్ల కింద, 1560. స్తంభం 20 మీటర్లలో ఉంటే 300 కింద, 1800. కొండ కిలోమీటరు దూరంలో ఉంటే కేవలం 6 పిక్సెళ్ల కింద, 1506. అంటే ఈ కొండ నీడ శిఖరం 1956 దగ్గర ఉండాలి. ఫొటోలో 108 పిక్సెళ్లు ఎక్కువ కిందికి వచ్చింది. దూరాలు నేను వేసుకున్న అంచనాలు. అవి కాస్త మారినా, దగ్గరి వస్తువు సగటు కిందికి, దూరపుది పైకి అనే వరస మారదు.

కొలత లేకుండా కంటితో చూసే గుర్తు కూడా ఒకటుంది. పైన గోపురం స్తంభం కన్నా ఎత్తుగా కనిపిస్తోంది. నిజమైన నీళ్లలో ఇక్కడ స్తంభం నీడ 2700 దాకా దిగి, గోపురం నీడ కొన 2460ని దాటిపోవాలి. పైన పొట్టిది కింద పొడుగవడం చూస్తే చాలామంది ‘ఇది తప్పు’ అంటారు, కానీ అదే సరైనది. ఈ ఫొటోలో పైనా కిందా వరస ఒకేలా ఉంది.

ఆల్బమ్_శీను
లెక్క బాగానే ఉంది గానీ నాకో డౌటు. ఎవడైనా మడతపెడితే స్తంభం కింది ముక్క మాయమవ్వాలి కదా? 1560 కింద ఉన్నదంతా పోతుంది. ఇక్కడ 1800 దాకా స్తంభం కనిపిస్తోంది మరి.

లంబరేఖ
ఆ ముక్కని మాస్కుతో కాపాడి ఉంచారు. 1560 నుంచి 1800 మధ్య స్తంభం అంచుల్ని 400 శాతానికి పెంచి చూడండి. కుడివైపు సన్నటి లేత చారిక ఉంది, దానికి ఆనుకుని చిన్న అలల ముక్క కూడా మిగిలింది. అసలు ఫొటోలో నీళ్లు కదులుతూ ఉండి ఉంటాయి, వాటి మీద పై సగం తిప్పి వేశారు. 1560 పైన స్తంభానికి రెండు పక్కలా అలాంటి చారిక లేదు.

నర్సింగ్_వై
నాది వేరే సమస్య. బస్సు కిటికీ అద్దంలోంచి ఫొటో తీస్తే నా చొక్కా రంగే కనపడుతోంది. రిఫ్లెక్షన్ తీసేసే యాప్ ఏదైనా చెప్పండి.

తెరచాటు
నర్సింగ్ అన్నా, ఇక్కడ రిఫ్లెక్షన్ తీసేయడం కాదు, చదవడం నడుస్తోంది :) యాప్ అక్కర్లేదు, ఫోన్ లెన్సుని అద్దానికి ఆనించి పట్టుకో, నల్లగుడ్డ చుట్టూ కప్పు. సీపీఎల్ అనే పోలరైజింగ్ ఫిల్టర్ ఉంటే తిప్పి చూడు, ఎదురుగా నిలబడి తీస్తే మాత్రం పెద్దగా పనిచేయదు.

ఆ ఫిల్టర్ మాట వచ్చింది కాబట్టి అసలు చర్చకి పనికొచ్చేది ఒకటి. ఫిల్టర్ పెట్టి తీసిన నిజమైన ఫొటోలో నీళ్లలో ఒక భాగంలో నీడ ఉండి, ఇంకో భాగంలో లేకపోవచ్చు. నీడ లేదు కాబట్టి అతికించారు అని తొందరపడకూడదు.

లంబరేఖ
అవును. వెలుతురు సంగతి కూడా అలాంటిదే, గోపి గారి ఫొటోకి వర్తిస్తుంది. నీళ్లు ఎంత వెలుగు తిరిగి పంపుతాయనేది చూసే కోణాన్ని బట్టి ఉంటుంది. ఎదుటి గట్టు దగ్గర మన చూపు నీటికి దాదాపు సమాంతరంగా పోతుంది, అక్కడ వెలుగులో పదింట తొమ్మిది వంతుల దాకా తిరిగొస్తుంది. 2460 వరస దగ్గరికి వచ్చేసరికి చూపు 18 డిగ్రీల దాకా కిందికి దిగుతుంది, తిరిగొచ్చేది ఆరో వంతు అటూ ఇటూ. నేరుగా కాళ్ల కింది నీళ్లలోకి చూస్తే 2 శాతమే. అందుకే నిజమైన నీడ మన వైపుకి వచ్చేకొద్దీ మసకబారుతుంది, నీటి పచ్చదనం పైకి తేలుతుంది. ఈ ఫొటోలో నీడంతా ఒకే మోతాదులో నల్లబడింది, స్లయిడర్ ఒక్కసారి జరిపినట్టు.

దీన్ని మాత్రం సాక్ష్యంగా పెట్టను. ఫోన్లు ఇప్పుడు నాలుగైదు ఎక్స్‌పోజర్లు కలిపి నల్లటి చోట్లను లేపేస్తాయి. వెలుతురు తారుమారు కావడానికి ఫోన్ చాలు. కొండనీ స్తంభాన్నీ ఒకే మడతకి తేవడానికి మాత్రం మనిషి కావాలి.

పద్మజ_కె
గోపి గారి కోనేరు మధ్యలో నా గొడవ పెడుతున్నందుకు ఏమనుకోకండి. మా పిన్ని కూతురికి పెళ్లిసంబంధం వచ్చింది. అబ్బాయి ఫొటోలు మూడు, మూడూ మొహం మటుకే. ఒక ఫొటోలో కుడికంట్లో తెల్లటి చతురస్రం మెరుపు ఉంది, ఎడమకంట్లో లేదు. రెండు కళ్లలో మెరుపు వేరుగా ఉంటే కంప్యూటర్ తయారుచేసిన మొహమేనని ఎక్కడో చదివాను. ఫేక్ అని చెప్పేయనా?

తెరచాటు
ఆగండి అమ్మా, అంత ఒక్కమాటలో తేల్చొద్దు. మీరు చదివింది నిజమైన పద్ధతే. 2021లో షూ హు, యుజున్ లి, సివే ల్యూ అనే పరిశోధకులు రెండు కనుపాపల మీది మెరుపుల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి ఎంత కలుస్తున్నాయో కొలిచారు. అప్పటి ఏఐ జనరేటర్లు గీసిన మొహాల్లో రెండు కళ్లకీ పొంతన ఉండేది కాదు. 2024లో ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంవాళ్లు గెలాక్సీల్లో వెలుగు ఎలా పరుచుకుందో కొలిచే గిని సూచికను కళ్లకి వాడారు. తప్పు జవాబులు కూడా వస్తాయని వాళ్లే చెప్పారు.

మీ ఫొటోలో మెరుపు చతురస్రం, అంటే కిటికీ లేదా సాఫ్ట్‌బాక్సు. అది పక్కనుంచి వస్తే ముక్కు అడ్డుపడి రెండో కంటికి చేరకపోవచ్చు. ముక్కు నీడ ఏ చెంప మీద పడిందో చూడండి. మెరుపు లేని కన్ను ఉన్న వైపే నీడ ఉంటే అది నిజమైన దీపమే. రెండు చెంపలూ సమానంగా వెలుగుతూ ఒక కంట్లోనే మెరుపు ఉంటే అప్పుడు అడగాల్సిందే.

పద్మజ_కె
నీడ ఎడమ చెంప మీదే ఉంది, కొంచెం. సరే, మిగతా రెండు ఫొటోల్లో రెండు కళ్లలోనూ గుండ్రటి మెరుపులే, కానీ ఒకే చోట లేవు. ఎంత తేడా దాకా పర్వాలేదు?

లంబరేఖ
దీపం ఎంత దూరంలో ఉందన్న దాన్ని బట్టి. కంటి ముందుభాగం, కార్నియా, దాదాపు 7.8 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న చిన్న కుంభాకార దర్పణం. నల్లగుడ్డు వెడల్పు 12 మిల్లీమీటర్ల లోపు. రెండు కళ్ల మధ్య దూరం 6 సెంటీమీటర్ల చిల్లర. కిటికీ 2 మీటర్ల దూరంలో ఉంటే రెండు కళ్లకీ అది కనిపించే దిక్కులో తేడా 2 డిగ్రీలు కూడా ఉండదు. మెరుపు దానిలో సగమే జరుగుతుంది. నల్లగుడ్డు 100 పిక్సెళ్ల వెడల్పు ఉన్న ఫొటోలో అది ఒక్క పిక్సెల్. కాబట్టి దూరపు కిటికీ అయితే రెండు కళ్లలోనూ నల్లగుడ్డు అంచు నుంచి ఒకే దూరంలో కనిపించాలి.

గుండ్రటి మెరుపు అంటే రింగ్‌లైట్ కావచ్చు. అది మొహానికి సరిగ్గా ఎదురుగా 30 సెంటీమీటర్లలో పెట్టుకుంటే దిక్కుల తేడా 12 డిగ్రీలకి పోతుంది, అదే ఫొటోలో మెరుపు 7 పిక్సెళ్ల దాకా జరుగుతుంది. అలా జరిగేటప్పుడు రెండు మెరుపులూ ముక్కు వైపుకే వస్తాయి. రెండూ ఒకే పక్కకి వేర్వేరు దూరాలు జరిగితే, లేదా ఒకటి పైకి ఒకటి కిందికి పోతే దానికి అలా ఎదురుగా పెట్టిన రింగ్‌లైట్ కారణం కాదు.

కళ్లద్దాలు, కాంటాక్ట్ లెన్సు, మెల్లకన్ను ఉంటే ఈ లెక్క వదిలేయండి. నల్లగుడ్డు 40 పిక్సెళ్ల కన్నా చిన్నగా ఉంటే కూడా చూడొద్దు. వాట్సాప్‌లో ఫొటోగా వచ్చిన మొహంలో మెరుపు అంచుల్ని 8×8 గళ్ల కంప్రెషనే గీస్తుంది.

ఆల్బమ్_శీను
పద్మజ గారూ, ఇంకో సంగతి. పెళ్లి ఫొటోలకి మేం కళ్లలో మెరుపు పెడతాం. బ్రష్ ఒకటే, రెండు కళ్లకీ అదే అచ్చు. కాబట్టి రెండు మెరుపులూ పిక్సెల్‌కి పిక్సెల్ ఒకేలా ఉన్నా మనిషి నిజమే, స్టూడియో పనితనం అంతే. ఫొటోల మీద ఇంత తపన ఎందుకు, ఒక వీడియో కాల్ చేయమనండి.

తెరచాటు
శీను అన్నతో ఇక్కడ నేను కలుస్తాను. ఈ మధ్య జనరేటర్లు కళ్లు బాగానే గీస్తున్నాయి. మెరుపులు కలవకపోతే అడగడానికి కారణం ఉంటుంది, కలిశాయి కదా అని మాత్రం నమ్మకూడదు.

బీరువా_తలుపు
నీళ్లకి చెప్పిన లెక్క గోడ అద్దానికీ పనిచేస్తుందా? బీరువా అద్దం ముందు నిలబడి తీసుకున్న ఫొటో ఒకటి ఉంది. మనిషి చెయ్యి ఇటు ఒకలా, అద్దంలో ఇంకోలా ఉన్నట్టు అనిపిస్తోంది. టీషర్ట్ మీది అక్షరాలు అద్దంలో సరిగ్గానే చదవగలుగుతున్నాం, అది తప్పు కదా?

లంబరేఖ
అక్షరాలతో జాగ్రత్త. ముందు కెమెరాతో తీసి ఫోన్ బొమ్మని తిప్పి సేవ్ చేస్తే, అద్దంలో ఉన్నవి సూటిగా, బయట ఉన్నవి తిరగబడి కనిపిస్తాయి. అద్దం లోపలా బయటా ఉన్న రాతలు *రెండూ* సూటిగా ఉంటే అప్పుడు పట్టుకోవచ్చు.

నిలువు అద్దానికి సగటు లెక్క కుదరదు, గీతలు గీయాలి. బల్లపరుపు అద్దంలో ఏ బిందువునీ దాని ప్రతిబింబాన్నీ కలిపినా ఆ గీత అద్దానికి లంబంగా ఉంటుంది. కాబట్టి అలాంటి గీతలన్నీ గదిలో ఒకదానికొకటి సమాంతరం, ఫొటోలో మాత్రం రైలుపట్టాల్లాగా ఒకే బిందువు వైపు పోతాయి. జేమ్స్ ఓబ్రయన్, హనీ ఫరీద్ 2012లో ఈ గుణాన్నే ఫొటో పరీక్షగా రాశారు.

చేసే తీరు ఇది. కొత్త లేయర్ తీసుకోండి, కాన్వాసును రెండు పక్కలా రెట్టింపు చేయండి, ఎందుకంటే ఆ బిందువు తరచుగా ఫ్రేము బయట పడుతుంది. కమ్మ కొస, మోచేయి, ఫోన్ మూల, చొక్కా గుండీ, మంచం మూల లాంటి నాలుగైదు గట్టి గుర్తులు ఎంచుకోండి. ప్రతిదాన్నీ అద్దంలోని దానితో కలిపి గీత సాగదీయండి. నాలుగు ఒక చోట కలిసి మోచేతి గీత ఒక్కటి దూరంగా పోతే మోచేయి దగ్గర ఏదో జరిగింది. ఎక్కువమంది తప్పు చేసేది జత కలపడంలోనే. బయట కనిపించే చెవి అద్దంలో కనపడకపోవచ్చు, అవతలి చెవిని దానికి జత చేస్తే గీత చెడుతుంది. బీరువాకి రెండు తలుపులుంటే ఒకటి కొంచెం తెరిచి ఉన్నా రెండు వేర్వేరు అద్దాలు, రెండు వేర్వేరు బిందువులు. సన్నటి రేకుకి అతికించిన చవక అద్దం వంగి ఉంటే గీతలు ఎక్కడా కలవవు, ఫొటో మాత్రం నిజమే అయి ఉంటుంది.

తెరచాటు
చెయ్యి ఒక్కటే తేడా అయితే ఫోన్ పనోరమా మోడ్‌ని కూడా అనుమానించండి. 2023 చివర్లో పెళ్లిగౌను వేసుకున్న ఒక బ్రిటిష్ మహిళ ఫొటో ఊరంతా తిరిగింది. ఆమె చేతులు ఒకలా, రెండు అద్దాల్లో వేర్వేరుగా ఉన్నాయి. పనోరమాలో ఫోన్ ముక్కముక్కగా కుట్టేటప్పుడు ఆమె చేతులు కదిపారని తర్వాత వివరణ వచ్చింది. మనిషి ఎడిట్ చేయకపోయినా ఫొటో ఒక్క క్షణానిది కాదు.

బీరువా_తలుపు
ఐదు గీతలు గీశాను. నాలుగు కుడిపక్క ఫ్రేము బయట ఒక గుప్పెడంత చోట కలిశాయి, మణికట్టు గీత వాటికి బాగా పైన పోయింది. ఫొటో వెడల్పు 3000 మాత్రమే, పనోరమా అంత లేదు.

లంబరేఖ
వెడల్పు బట్టి చెప్పలేం, పనోరమాని మధ్యలో ఆపేయొచ్చు, తర్వాత కత్తిరించొచ్చు. మణికట్టుకి అటూ ఇటూ మంచం అంచు, గోడ గీతలు విరగకుండా సాగాయేమో చూడండి. కుట్టు ఉన్న చోట సూటి గీత సన్నగా మెట్టు తిరుగుతుంది.

గట్టుమీద_గోపి
గ్రూపులో పెట్టాను. ఫొటో పంపినాయన ‘ఫోన్ వంచి తీశాను, అందుకే లెక్క తప్పింది’ అంటున్నాడు. నిజమేనా?

లంబరేఖ
ఫోన్ పక్కకి ఒరిగితే బొమ్మను తిప్పి సరిచేసి మళ్లీ కొలవొచ్చు. కిందికి వంచితే వస్తువునీ నీడనీ కలిపే నిలువు గీతలు కింద ఎక్కడో ఒక బిందువులో కలవాలి, సగటులూ కొంత జరుగుతాయి. ఈ ఫొటోలో గోపురం, స్తంభం, కొండ మూడు గీతలూ ఫ్రేము అంచుకి సమాంతరంగానే ఉన్నాయి, అంటే ఫోన్ వంగలేదు. వంగిందే అనుకున్నా మూడు దూరాలకీ ఒకే సగటు రాదు.

ఆల్బమ్_శీను
నాకైతే ఇంకా సందేహమే. స్తంభం ఒక్కటి తీసేస్తే మిగతాది కొండ లెక్క మీదే నిలబడింది, కొండ కిలోమీటరు దూరమని మీరు అనుకున్నారంతే. అది గట్టు వెనకనే ఉన్న గుట్ట అయితే సగటు 1550 దగ్గరికి రావచ్చు. 10 పిక్సెళ్ల తేడాకి లెన్సు వంపే చాలు.

లంబరేఖ
కొండ విషయంలో మీ మాట న్యాయమే, దూరం తెలియందే అది ఒక్కటే చాలదు. గోపి గారూ, ఆ కొండ గుడి నుంచి ఎంత దూరమో మ్యాపులో కొలిచి చెప్పండి. పంపినాయన దగ్గర ఫోన్‌లోని అసలు ఫైల్ ఉంటే అదీ అడగండి. స్తంభం 1800 మీద మాత్రం నేను వెనక్కి పోను.

గట్టుమీద_గోపి
అసలు ఫైల్ డిలీట్ అయిందట. కొండ దూరం రేపు చెప్తాను.